మున్నీకి ఎన్ని వచ్చాయి?

"మున్నీ కు దేఖ్ కె సీఖ్."

మన ఇళ్ళల్లో పుట్టిన వాళ్ళకి ఈ మాట తర్జుమా చేసి చెప్పక్కర్లేదు. మున్నీ పేరు ఉన్నచోట మీ ఖాలా కొడుకు పేరో, ఫూఫీ కూతురి పేరో, చిచ్చా పెద్దబ్బాయి పేరో పెట్టుకోండి, సరిపోతుంది. నేను ఈ మాట వింటూనే పెరిగాను. మున్నీ మా పెద్ద ఖాలా కూతురు. నాకన్నా నాలుగు నెలలు పెద్దది. ఇద్దరం ఒకే ఏడు పదో తరగతి రాశాం. నాకు నలభై దగ్గర పడుతున్న వయసులో, పోయిన ఏడాది, ఈ విషయం మీద మా అమ్మీకి ఒక ఖత్ రాశాను. రాశానని తెలిసి మా ఖాందాన్‌లో కొందరు "కన్నతల్లికి అలా రాస్తారా, ఎంత గుస్తాఖీ!" అన్నారు. వాళ్ళకి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా మాట ఒక్కటే. ఔలాద్ తన దిల్‌లోని దర్ద్‌ని అదబ్‌తో చెప్పుకోవడం గుస్తాఖీ కాదు. అది చెప్పుకోకుండా నోరు నొక్కేసి దానికి సబర్ అని పేరు పెట్టడమే అసలు తప్పు.

ముందు పెద్దలు ఎప్పుడూ చెప్పే మాట తీసుకుందాం. "ముఖాబలా పెట్టేది మీ మంచికే. రోషం వస్తే బాగుపడతారని." సరే, మా ఇంట్లో ఆ ముఖాబలా ఏం చెప్పిందో చూడండి. 2003లో పదో తరగతికి ఆరు వందల మార్కులు. మున్నీకి 521 వచ్చాయి, నాకు 412. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే నాకు తెలిసింది నేను 109 తక్కువ అని. అంతే. లెక్కల్లో నేను ఎక్కడ తప్పుతున్నానో అది చెప్పలేదు. మున్నీ రోజూ సాయంత్రం ట్యూషన్‌కి వెళ్ళేదనీ, నేను అదే టైమ్‌లో అమ్మీ పక్కన కూర్చుని చీరలకి ఫాల్ కుట్టేదాన్ననీ చెప్పలేదు. మా అబ్బా ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపు ముందు మిషన్ పెట్టుకుని కుట్టేవారు. షాపులో అమ్మిన చీరలు ఫాల్ కోసం మా ఇంటికి వచ్చేవి. పండగల ముందు రాత్రి పదకొండు దాకా కుట్టేవాళ్ళం. నేను అందుకు బాధపడలేదు, ఇల్లు గడవాలి కదా. కానీ మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఆ చీరలన్నీ మాయమైపోయేవి, మున్నీ ఒక్కతే మిగిలేది. నసీహత్ అంటే దారి చూపించేది. ఏ దారీ చూపించకుండా పొడిచేదాన్ని మన పెద్దలే తానా అంటారు. మనం తానాలని నసీహత్ అని పిలుస్తున్నాం.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మున్నీ ఇప్పుడు జెడ్డాలో ఉంటుంది. ఒకసారి ఫోన్‌లో మాట్లాడుతుంటే నవ్వుతూ అంది: "నీకేం తెలుసు, మా అమ్మీ నీ పేరు చెప్పి నన్ను తిట్టేది. 'ఖాలా కూతుర్ని చూడు, ఎంత పని చేస్తుందో, ఎంత అదబ్‌గా ఉంటుందో, నీకు చాయ్ పెట్టడం కూడా రాదు' అని." ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, రెండు ఇళ్ళల్లో, ఒకరి కూతురిలో నచ్చిన ముక్క కోసి తెచ్చి తమ కూతురి ముందు పెట్టారు. ఆమెకి నా పని చూపించారు, నాకు ఆమె మార్కులు చూపించారు. మేమిద్దరం ప్రతి ఈద్‌కీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని షీర్ ఖుర్మా తాగుతూ, లోపల ఒకరంటే ఒకరు కుతకుతలాడుతూ పెరిగాం. రోషం వచ్చి ఎవరూ బాగుపడలేదు. ఒక దోస్తీ మాత్రం ఇరవై ఏళ్ళు పోయింది.

మన దగ్గర ఇది ఇంకా లోతుగా దిగుతుంది. మన కజిన్లు ఎక్కడో దూరాన ఉండేవాళ్ళు కాదు. ప్రతి దావత్‌లో, ప్రతి మయ్యత్‌లో ఎదురుపడతారు. చాలా ఖాందాన్‌లలో వాళ్ళ మధ్యే రిష్తాలు కుదురుతాయి. చిన్నప్పుడు ఎవరిని చూపించి తిట్టారో రేపు ఆ ఇంటికే కోడలుగానో అల్లుడుగానో పంపుతారు. వెళ్ళిన వాళ్ళు ఆ తానాలని కూడా జహేజ్‌తో పాటు మోసుకెళ్తారు.

ఇక ఖత్ సంగతి. నేను దీన్ని రాయడానికి కారణం నా గతం కాదు, నా కూతురు. ఏడో తరగతి. అది గీసిన బొమ్మలన్నీ ముందు నానీకి చూపించేది. కొన్నాళ్ళుగా చూపించడం మానేసింది. ఎందుకని అడిగితే, "చూపిస్తే నానీ చిన్నూ హ్యాండ్ రైటింగ్ గురించి చెప్తుంది" అంది. చిన్నూ నా తమ్ముడి కొడుకు. ఆ రాత్రే నోట్‌బుక్ తీశాను.

మొదటిసారి నాలుగు పేజీలు రాశాను. పొద్దున్నే చదువుకుంటే సిగ్గేసింది. ప్రతి వాక్యంలో "ఎప్పుడూ", "ఒక్కసారి కూడా" అని ఉంది. "నువ్వు ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు" అని రాశాను. అది అబద్ధం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు నా మంచం దిగకుండా కూర్చుంది అమ్మీ. లేచాక "నా షేర్ కూతురు" అని ముద్దు పెట్టుకుంది. "ఎప్పుడూ" అని రాస్తే చదివేవాళ్ళు ముందు వెతికేది కాని రోజుని. ఒక్కటి దొరికితే చాలు, ఖత్ మొత్తం అబద్ధమైపోతుంది, అసలు దర్ద్ అక్కడే ఉండిపోతుంది. ఆ కాగితాల్లో మున్నీ గురించి కూడా రెండు చెడ్డ మాటలున్నాయి. అంటే నేను కూడా అదే ముఖాబలా పెడుతున్నాను, ఈసారి నేను గెలిచేలా. నాలుగు పేజీలూ చించేశాను.

రెండోసారి ఒక్క రోజు గురించే రాయాలనుకున్నాను. ఏ రోజో వెతుక్కోవలసిన పని లేకపోయింది. కళ్ళు మూసుకుంటే అదే వస్తుంది. ఇంకో షరతు కూడా పెట్టుకున్నాను. అమ్మీ ఏం చేసిందో, అది నా కళ్ళకి ఎలా కనిపించిందో, అంతవరకే రాయాలి. ఎందుకు చేసిందో నేను రాయకూడదు. "నీకు నేనంటే ఇష్టం లేదు" అనేది నా ఊహ, ఆమె దిల్‌లో ఉన్నది నాకేం తెలుసు. "నువ్వు తల ఎత్తలేదు" అనేది నేను చూసింది. చివర్లో ఒకే ఒక్కటి అడగాలి, అది రేపు పొద్దున చేయగలిగేదై ఉండాలి. అలా మిగిలిన ఖత్ ఇది. మేం ఇంట్లో మన ఉర్దూనే మాట్లాడుకుంటాం, కానీ నాకు రాయడం వచ్చింది తెలుగే, అమ్మీ ఏడో తరగతి దాకా చదివింది కూడా తెలుగే.

"అమ్మీ, సలామ్.

నోటితో చెబితే నాకు ఏడుపొస్తుంది, నీకు గుస్సా వస్తుంది. అందుకే రాస్తున్నాను. చదివిన వెంటనే జవాబు చెప్పక్కర్లేదు.

పదో తరగతి రిజల్ట్ వచ్చిన రోజు నేను బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. దారిలో నా దగ్గరున్న డబ్బులతో పావు కిలో జిలేబీ కొన్నాను. నీ నోట్లో నేనే పెట్టాలనుకున్నాను. నువ్వు చీరకి ఫాల్ కుడుతున్నావు. 412 అని చెప్పాను. నువ్వు తల ఎత్తకుండా 'మున్నీకి ఎన్ని వచ్చాయి?' అని అడిగావు. నేను జిలేబీ తమ్ముడికి ఇచ్చేశాను. అది ఎందుకు తెచ్చానో నీకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు నేను ఇంటర్‌లో చేరలేదు. డబ్బులు లేవు కదా, వచ్చే ఏడు చూద్దాం అని నేనే అన్నాను. అది నిజం కాదు అమ్మీ. గవర్నమెంట్ కాలేజీ ఫీజు అబ్బా అప్పుడే పక్కన పెట్టారని నాకు తెలుసు. మున్నీ కూడా అక్కడే చేరుతోందని విన్నాను. ఇంకో రెండేళ్ళు ఆమె మార్కులు వినే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే ఏడాది ఇంట్లో కూర్చున్నాను.

నువ్వు మా కోసం ఎంత తకలీఫ్ పడ్డావో నేను మర్చిపోలేదు. లెక్క తేల్చుకోవడానికి ఇది రాయడం లేదు. ఒక్కటి అడుగుతున్నాను. నా కూతురు ఏదైనా తెచ్చి నీకు చూపించినప్పుడు, దాన్ని మాత్రమే చూడు. ఆ కాసేపు ఇంకెవరి పేరూ తీసుకురాకు.

నీ బేటీ."

ఇంతే. ఖత్ ఇచ్చే టైమ్ కూడా ఆలోచించాను. ఈద్ రోజు కాదు, చుట్టాలున్నప్పుడు కాదు, తిట్లు పడిన రోజు అసలే కాదు. ఒక గురువారం, జోహర్ నమాజ్ అయ్యాక, ఇంట్లో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, కళ్ళజోడు డబ్బా కింద పెట్టి వచ్చేశాను. ఫోటో తీసి తమ్ముడికి పంపలేదు, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టలేదు. పదిమంది చదివితే అది ఖత్ కాదు, పంచాయితీ. పంచాయితీలో తల్లి ఇజ్జత్ కాపాడుకోవడానికే చూస్తుంది, కూతురి మాట వినడానికి కాదు.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తప్పు చేశానేమో అని నాకు అన్నం సహించలేదు. మూడో రోజు ఫోన్ చేసింది. ముందు గుస్సాగానే మొదలుపెట్టింది: "నేను అలా అనకపోతే నువ్వు ఆ మాత్రం చదివేదానివా?" నేను జవాబు చెప్పలేదు. కాసేపటికి గొంతు మారింది. "ఆ ఏడు డబ్బుల్లేకే నీ చదువు ఆగిందనుకున్నా. నీకు ఫీజు కట్టలేకపోయామే అని ఇన్నేళ్ళు ప్రతి నమాజ్‌లో ఏడ్చుకున్నా." అంది.

నేను ఆ మాట కోసం సిద్ధంగా లేను. నా అబద్ధం నా ఇజ్జత్ కాపాడిందనుకున్నాను. అది ఇరవై ఏళ్ళు ఆమె మెడ మీద కూర్చుంది. నేను నోరు మూసుకుని పడ్డ బాధ నా ఒక్కదానిదే అనుకున్నాను, సగం ఆమె మోసింది, ఎందుకు మోస్తోందో తెలియకుండా. సబర్ చేయమనే పెద్దలారా, ఆ సబర్ మా ఇద్దరిలో ఎవరికి మేలు చేసింది?

ఆ తర్వాత ఆమె తన సంగతి చెప్పింది. నానీ తనని పెద్ద ఖాలాతో పోల్చేదట. రంగు దగ్గర, రోటీ గుండ్రంగా రావడం దగ్గర, చివరికి నిఖాలో వచ్చిన సంబంధం దగ్గర. మున్నీ మార్కులు అడిగినప్పుడు ఆమె అడిగింది నన్ను కాదేమో, ఇంకా తన అక్కతోనే పోటీ పడుతోందేమో. ఇది తెలిశాక నా బాధ పోలేదు, కానీ దాని ఆకారం మారింది. ఒక మాట మాత్రం అనాలి. పెద్దల పాత దెబ్బ వాళ్ళు కొట్టడానికి కారణం కావచ్చు, ఇజాజత్ మాత్రం కాదు. తనకి తగిలింది కాబట్టే ఆ నొప్పి ఆమెకి తెలియాలి.

ఇప్పుడు గుస్తాఖీ అన్నవాళ్ళ దగ్గరికి వస్తాను. వాళ్ళ దలీల్ నాకు తెలుసు. వాలిదైన్‌ని "ఉఫ్" అని కూడా అనొద్దని సూరా బనీ ఇస్రాయీల్‌లో ఉంది. ఉంది, నా తల మీద పెట్టుకుంటాను. కానీ ఆ ఆయత్ అక్కడితో ఆగదు. విసుక్కోవద్దు, కసరొద్దు అన్నాక, వాళ్ళతో గౌరవంగా మాట్లాడమని చెబుతుంది. మాట్లాడొద్దని చెప్పలేదు. సూరా మర్యమ్‌లో ఇబ్రాహీమ్ అలైహిస్సలామ్ తన తండ్రితో ఎంత పెద్ద విషయంలో విభేదించారో చూడండి. నాలుగు ఆయత్‌లలో నాలుగుసార్లు, ప్రతిసారీ "ఓ నా తండ్రీ" అని ప్రేమగా పిలిచి మరీ చెప్పారు. తండ్రి రాళ్ళతో కొడతానని బెదిరించినా సలామ్ చెప్పే వెళ్ళారు. ఆ విషయం వేరు, నా జిలేబీ సంగతి వేరు, రెంటినీ ఒకటి చేయడం లేదు. నేను చూపిస్తున్నది చెప్పే తీరు. అదబ్ అంటే మౌనం కాదు. అదబ్ అంటే నిజాన్ని ఏ గొంతుతో చెబుతున్నామన్నది.

అందరూ రేపే కాగితం పట్టుకోమని కూడా నేను అనను. నోరెత్తితే చెయ్యెత్తే ఇంట్లో ఇంకా బతుకుతున్న పిల్లలు ఖత్ రాసి ఒంటరిగా దొరికిపోకూడదు. ముందు నమ్మకమున్న మామూకో ఫూఫీకో చెప్పుకోవాలి. అమ్మీకి చదువు రాకపోతే కాగితం మీద రాసుకుని, అదే రెండు నిమిషాల్లో చదివి ఆమెకొక్కదానికే వాయిస్ మెసేజ్ పంపండి. మళ్ళీ వినుకోవచ్చు, మధ్యలో మాటకి మాట పెరగదు. ఇంకొకటి, మాఫీ కోసం మాత్రం రాయకండి. మా అమ్మీ ఇప్పటికీ "నాది తప్పు" అనలేదు. మాఫీయే కావాలనుకుని ఉంటే ఇవాళ్టికీ ఖాళీ చేతులతో ఉండేదాన్ని. నేను అడిగింది వేరే, అది మాత్రం కొంచెం దొరికింది.

కొంచెమే అంటున్నాను, అబద్ధం చెప్పను. ఫోన్ వచ్చిన రెండు వారాలకి నా కూతురు ఒక బొమ్మ తీసుకెళ్ళి చూపించింది. అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "బాగుంది, కానీ మన చిన్నూ అయితే..." అని మొదలుపెట్టి నా వైపు చూసింది. ఆగిపోయింది. నోటికి అలవాటైన మాట మింగడం ఎంత కష్టమో ఆ ముఖంలో కనిపించింది. తర్వాత బొమ్మలో ఒక మూల చూపించి, "ఇది ఏం చెట్టు?" అని అడిగింది. నా కూతురు పావుగంట సేపు ఆ చెట్టు గురించి చెప్పింది.

అమ్మీలారా, అబ్బాలారా, మీ ఇంట్లో ఇలాంటి ఖత్ మీ చేతికి వస్తే ఒక్క పని చేయండి. దాన్ని మీ అక్కకి చదివి వినిపించొద్దు. "చూడు, నా కూతురు నాకు ఎలాంటి ఖత్ రాసిందో, నీ కూతురైతే ఇలా రాసేదా?" అనొద్దు. అంటే మళ్ళీ అక్కడికే వచ్చాం.

ఇక పిల్లలు మార్కుల కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు, చేతిలో పని కాసేపు పక్కన పెట్టి తల ఎత్తండి. ఇంకో చేతిలో జిలేబీ పొట్లం ఉందేమో చూడండి.